చున్నీకి పిన్ను పెట్టినా ఆగని వేధింపు: ఒడిశా సరిహద్దు నుంచి ఒక కేసు

నేపథ్యం

ఒడిశా దక్షిణపు అంచున ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాటిలో ఒక జిల్లాకు చెందిన చిన్న పట్టణంలో నేను మహిళల కోసం నడిచే సలహా కేంద్రంలో కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసును రాయడానికి ఆ అమ్మాయి దగ్గర, ఆమె తల్లి దగ్గర విడివిడిగా అనుమతి తీసుకున్నాను. పేరు, ఊరు, కుటుంబ వృత్తి, సంఘటనల వరుసలో కొన్ని వివరాలు మార్చాను. అమ్మాయిని ఇక్కడ లలిత అని పిలుస్తాను.

లలితకు పందొమ్మిదేళ్లు. ఊరి నుంచి పట్టణంలోని కాలేజీకి వచ్చి ప్లస్ త్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మనవైపు డిగ్రీ అనేదాన్ని ఇక్కడ ప్లస్ త్రీ అంటారు. ఉదయం ప్రభుత్వ బస్సులో వస్తుంది. సాయంత్రం చివరి క్లాసు ముగిసేసరికి ఆ బస్సు వెళ్లిపోతుంది కనుక ట్రెక్కర్ ఎక్కాలి. ట్రెక్కర్ అంటే ఇక్కడి ఊళ్లను కలిపే షేర్ జీపు. లోపల పట్టవలసిన వారికంటే ఎప్పుడూ ఎక్కువ మందే ఎక్కుతారు, వెనక మెట్టు మీద హెల్పర్ నిలబడి డబ్బులు వసూలు చేస్తాడు. ఆ కాలేజీలో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆడపిల్లలకు యూనిఫాం ఉంది: మోకాళ్ల కిందికి వచ్చే కమీజు, సల్వార్, చున్నీ. శనివారం మాత్రం ఎవరికి నచ్చిన బట్టలు వారు వేసుకోవచ్చు, క్లాసులు కూడా ఒంటిపూటే. ఈ రెండు చిన్న సంగతులూ తర్వాత చాలా పనికొచ్చాయి.

సమస్య

లలితను వాళ్ల అమ్మే తీసుకొచ్చింది. అమ్మాయి అప్పటికి కాలేజీ మానేసి కొన్ని వారాలైంది. మొదటి సమావేశంలో ఆమె దాదాపు ఏమీ మాట్లాడలేదు, తల్లే చెప్పింది. తర్వాత అమ్మాయితో ఒంటరిగా మాట్లాడినప్పుడు విషయం రెండు భాగాలుగా తేలింది. ట్రెక్కర్ హెల్పర్ డబ్బులు తీసుకునే నెపంతో ఒంటికి ఒత్తుకుని నిలబడడం, చెయ్యి వెయ్యడం చాలాకాలంగా సాగుతోంది. దిగిన తర్వాత ఊరి మలుపు దగ్గర ఉన్న పాన్ దుకాణం వద్ద కొందరు యువకులు ఫోనులో వీడియో తీయడం, బైకు మీద వెంట రావడం, నంబరు అడగడం మరొక భాగం. ఒకరోజు లలిత వాళ్లకు గట్టిగా సమాధానం చెప్పింది. ఆ మాట ఊళ్లో పాకి ఇంటికి చేరింది.

ఇంట్లో తీర్పు పెదనాన్నది. "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నాడాయన. లెగ్గింగులు మానిపించారు, చున్నీ బదులు పెద్ద దుపట్టా కొనిచ్చారు. ఆమెను వేధించిన రోజుల్లో అసలు లెగ్గింగులే వేసుకోలేదన్న సంగతి ఎవరూ అడగలేదు. చివరికి చదువు మానిపించి సంబంధాలు చూడడం మొదలుపెట్టారు.

తల్లి నాతో అన్న మాట మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. "ఏటి చెయ్యమంటారు మేడమ్? జీపు మా చేతుల్లో లేదు, రోడ్డు మా చేతుల్లో లేదు, ఆ కుర్రాళ్లు మా మాట వినరు. పిల్ల బట్టలొక్కటే మా చేతుల్లో ఉన్నాయి." బట్టలను నిందించే కుటుంబాలన్నీ క్రూరమైనవని అనుకుంటే ఈ పని చేయలేం. చేతిలో ఉన్న ఒకే ఒక్క విషయాన్ని కారణంగా ఎంచుకోవడం భయంలో మనుషులు చేసే పనే. 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం దీన్ని బాగా చూపించింది. ఒక యువతికి కరెంటు షాకులు తగులుతున్నట్టు నటింపజేసి, విద్యార్థినుల చేత చూపించారు. ఆమె బాధను ఆపే అవకాశం ఇచ్చినప్పుడు చూసేవాళ్లు ఆమెను తక్కువ చేసి మాట్లాడలేదు. ఆ అవకాశం లేక, బాధ కొనసాగుతుందని తెలిసినప్పుడు మాత్రం ఆమె గుణాన్నే తక్కువగా అంచనా వేశారు. ఏ తప్పూ చేయని మనిషికి కీడు జరుగుతుందని ఒప్పుకోవడం కంటే ఆమెలో ఏదో తప్పుందని అనుకోవడం మనసుకు సులువు. అందుకే నేను ఆ తల్లితో వాదించలేదు. ఆమె చేతిలో బట్టలు కాక ఇంకేముందో చూపించగలిగితే ఆ నమ్మకం దానంతటదే సడలుతుందని అనుకున్నాను, పని ప్రణాళిక కూడా ఆ ఆలోచన మీదే నిలబెట్టాను.

మొదట చేసినవి, అవి పనిచేయకపోవడం

కాలేజీ తలుపు తట్టాం. యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే విద్యాసంస్థల అంతర్గత కమిటీ పరిధి ప్రాంగణం గోడలతో ఆగిపోదు. విద్యార్థులు రాకపోకలకు వాడేందుకు సంస్థే ఏర్పాటు చేసిన వాహనాలు కూడా అందులోకి వస్తాయి. అయితే ట్రెక్కర్ ప్రైవేటుది, కాలేజీ పెట్టినది కాదు. కనుక కమిటీ తన పరిధి కాదంది. దాని బదులు తల్లిదండ్రుల సమావేశం పెట్టి ఒక నియమం చేసింది: చున్నీకి రెండు భుజాల మీదా పిన్ను పెట్టాలి, శనివారం లెగ్గింగులు, జీన్సు వేసుకోకూడదు. ఈ నియమం అడిగినదానికి సమాధానం కాదని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పాను. నాకున్న అభ్యంతరం స్వేచ్ఛకు సంబంధించింది మాత్రమే కాదు. ఇలాంటి నియమం వచ్చిన మరుక్షణం, ఫిర్యాదు చేయడానికి వచ్చే ప్రతి అమ్మాయినీ ముందు పిన్ను ఉందా లేదా అని అడుగుతారు. పిన్ను ఊడిపోయిన అమ్మాయి ఇక ఫిర్యాదే చేయదు. కొన్ని వారాల్లో అదే జరిగింది. కాలేజీ ఫిర్యాదుల పెట్టెలో పడే చీటీలు తగ్గాయి, కాలేజీవాళ్లు నియమం పనిచేసిందనుకున్నారు. ట్రెక్కర్‌లో వచ్చే అమ్మాయిలతో మాట్లాడితే అక్కడ ఏమీ మారలేదని తెలిసింది.

లలిత అన్నయ్య మలుపు దగ్గరి కుర్రాళ్లతో గొడవపడ్డాడు. కొట్లాటలో ఇతనికే దెబ్బలు తగిలాయి, ఆ తర్వాత వాళ్లు లలిత పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. పౌరుషంతో జరిగే ఇలాంటి ఘర్షణలో వేధింపు ఆగదు, అది ఇద్దరు మగవాళ్ల మధ్య పోటీగా మారుతుంది.

ఆ తర్వాత పోలీసు థానాలోని మహిళా శిశు డెస్క్‌ను కలిశాం. ఐఐసీ, అంటే థానా బాధ్యత చూసే ఇన్‌స్పెక్టర్, సాయంత్రం పూట ఒక పెట్రోలింగ్ బండిని పంపించారు. బండి నిలిచినంతసేపు మలుపు ఖాళీగా ఉండేది, అది కదిలాక మళ్లీ మామూలే. అప్పుడు నాకు హైదరాబాద్ షీ టీమ్స్ పెట్రోలింగ్ మీద ఆర్థికవేత్తలు చేసిన క్షేత్ర ప్రయోగం గుర్తొచ్చింది. వేధింపులు ఎక్కువగా జరిగే వందలాది చోట్లకు పోలీసులను పంపి ఫలితాన్ని కొలిచారు. మొత్తం వీధి వేధింపుల మీద పెట్రోలింగ్‌కు చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. యూనిఫాంలో కనిపించేలా నిలబడిన చోట్ల మాత్రం తీవ్రమైన రకాలు 27 శాతం మేరకు తగ్గాయి. అంటే పోలీసులు కళ్లెదుట ఉంటే చెయ్యి వేయడం వంటివి తగ్గుతాయి గానీ, మాటలు, చూపులు, వెంటపడడం అంత తేలిగ్గా తగ్గవు. పైగా మా సమస్యలో సగం కదిలే జీపులోపల ఉంది, అక్కడికి బండి రాలేదు.

లెక్క రాయడం

ఇక్కడికి వచ్చేసరికి కుటుంబం, కాలేజీ, ఊరి పెద్దలు అందరూ ఒకే మాట మీద ఉన్నారు: బట్టలు సరిగా ఉంటే ఇవేవీ జరగవు. ఇది నైతికమైన మాటలా వినిపిస్తుంది గానీ, నిజానికి ఇది పరీక్షించి చూడదగిన వాదన. ఒక విషయం మరొకదానికి కారణమైతే, మొదటిది మారినప్పుడు రెండోది మారాలి. మొదటిది మారకుండా ఉన్నప్పుడు రెండోది ఎక్కువతక్కువలు అవుతోందంటే, ఆ తేడాకు కారణం వేరే ఎక్కడో ఉంది. యూనిఫాం ఉన్న కాలేజీ కంటే దీన్ని చూడడానికి మంచి చోటు ఏముంటుంది?

ఆ రూట్లో వచ్చే ప్లస్ త్రీ అమ్మాయిల్లో ఇష్టపడినవారికి ఒక చిన్న పట్టిక ఇచ్చాను. పేరు రాయనక్కరలేదు. ఏ వారం, ఏ వేళ, బస్సా ట్రెక్కరా నడకా, ఎక్కడ కూర్చుంది, ఎంత కిక్కిరిసి ఉంది, ఏం వేసుకుంది, ఏం జరిగింది, చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు అనేవి అందులో ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఏమీ జరగని ప్రయాణాన్ని కూడా రాయాలి. ఈ షరతు లేకపోతే పట్టిక వ్యర్థం. వేధింపు జరిగిన రోజునే బట్టలు గుర్తుపెట్టుకుంటే, ఆ బట్టలే కారణంలా కనిపిస్తాయి. అవే బట్టలతో క్షేమంగా ఇంటికి చేరిన రోజులు లెక్కలోకి రానేరావు. పెదనాన్న వాదనలో లోపం సరిగ్గా అదే.

పట్టిక ఇచ్చే ముందు అందరికీ మరో సంగతి స్పష్టంగా చెప్పాను. పద్దెనిమిది నిండని పిల్లల విషయం ఏదైనా నా దృష్టికి వస్తే, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. అక్కడ నా ఇష్టంగానీ వాళ్ల ఇష్టంగానీ ఉండదు. అందుకే ప్లస్ టూ పిల్లలను ఈ పట్టికలో చేర్చలేదు, వాళ్ల కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098ను విడిగా చెప్పించాం.

వారాలు గడిచాక కాగితాలు పరిచి చూస్తే మూడు సంగతులు కళ్లకు కట్టాయి. యూనిఫాం ఉన్న రోజుల్లో అందరి ఒంటి మీదా ఒకే రకం బట్టలు, చున్నీలకు పిన్నులు కూడా ఉన్నాయి. అయినా ఒక ప్రయాణంలో ఏమీ జరగలేదు, మరో ప్రయాణంలో జరిగింది. తేడా ఎక్కడుందంటే వాహనంలో ఉంది, వేళలో ఉంది. బస్సులో దాదాపు ఏమీ లేదు. చివరి ట్రిప్పు ట్రెక్కర్‌లో, అందులోనూ వెనక మెట్టు పక్క సీట్లలో, ఎక్కువ భాగం జరిగాయి. వారపు సంత రోజున జీపు మరీ కిక్కిరిసి, తాగినవాళ్లు కూడా ఎక్కుతారు కనుక ఆ రోజు ఇంకా ఎక్కువ.

శనివారాల సంగతి ఎవరూ ఊహించనిది. పిల్లలు రంగు బట్టలు వేసుకునే రోజు అదొక్కటే, నియమాన్ని పక్కనపెట్టి కొందరు లెగ్గింగులు కూడా వేసుకున్నారు. ఆ రోజే సంఘటనలు అన్నిటికంటే తక్కువ. దీన్ని విని ఒక అధ్యాపకురాలు "అయితే లెగ్గింగులే రక్ష అంటారా?" అని అడిగారు. అలా అనడం కూడా తప్పే. శనివారం క్లాసులు మధ్యాహ్నానికే అయిపోతాయి, పిల్లలు బస్సు అందుకుంటారు, చివరి ట్రిప్పు ఎక్కే అవసరం రాదు. బట్టలు ఎటు మారినా వేధింపు వాటి వెంట పోలేదు. అది వాహనం వెంట, వేళ వెంట, పక్కనున్న మనుషుల వెంట పోయింది. ఇది చిన్న పట్టిక, శాస్త్రీయ అధ్యయనం కాదు, దీంతో కారణాన్ని నిరూపించలేం. అయితే బట్టలే కారణమన్న వాదన నిలవదని చూపించడానికి ఇది చాలు.

పెద్దలు అంత త్వరగా ఒప్పుకోలేదు. "ఎప్పుడో ఒకసారి చూసిన బట్టలను మనసులో పెట్టుకుని తర్వాత వేధిస్తారు" అని ఒకరు, "బట్టలు కాకపోతే నడక, నవ్వు" అని ఇంకొకరు అన్నారు. నేను ఒకే ప్రశ్న వేశాను: ఏ పిల్ల ఏం వేసుకుని ఎలా నడిస్తే మీరు తప్పు ఆమెది కాదని ఒప్పుకుంటారు? ఆ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఏది జరిగినా తప్పించుకోగలిగే వాదన దేన్నీ వివరించదని వాళ్లకు నెమ్మదిగా చెప్పాను.

ఎందుకు చేస్తారు: పరిశోధన చెప్పేది

బట్టల ప్రభావం గురించి పరిశోధనలు లేకపోలేదు. వాటిని తప్పుగా చదవడం వల్ల చాలా గందరగోళం వస్తుంది. ఒక స్త్రీ ఫొటో లేదా కథ చూపించి, ఈమెకు జరిగినదానికి ఈమె ఎంత బాధ్యురాలని అడిగితే, పొట్టి బట్టలు ఉన్నప్పుడు చూసేవాళ్లు ఆమె మీద ఎక్కువ బాధ్యత మోపుతారని చాలా అధ్యయనాల్లో తేలింది. అవి కొలిచింది చూసేవాళ్ల తీర్పును. వేధించేవాడు ఎందుకు వేధించాడన్నది వేరే ప్రశ్న, దాన్ని వేరేగా పరీక్షించాలి.

అలా పరీక్షించినవారిలో జాన్ ప్రయర్ ముఖ్యుడు. తనకు శిక్ష పడదని తెలిస్తే వేధించడానికి ఎవరు ఎంత సిద్ధంగా ఉంటారో కొలిచే ప్రశ్నావళిని ఆయన 1987లో తయారుచేశాడు. 1993లో సహచరులతో కలిసి ప్రచురించిన పనిలో, కాలేజీ యువకులను ఒక యువతికి కంప్యూటర్ పని నేర్పమన్న ప్రయోగం ఉంది. వాళ్లను తీసుకొచ్చిన సీనియర్ కొన్నిసార్లు ఆమెతో మర్యాదగా ఉంటాడు, కొన్నిసార్లు వాళ్ల ముందే ఆమెతో అసభ్యంగా ప్రవర్తిస్తాడు. ప్రశ్నావళిలో వేధించే మొగ్గు ఎక్కువగా కనిపించిన యువకులు కూడా, సీనియర్ మర్యాదగా ఉన్నప్పుడు మర్యాదగానే ఉన్నారు. సీనియర్ హద్దు మీరినప్పుడు వాళ్లూ మీరారు. మొగ్గు తక్కువ ఉన్నవాళ్లు ఏ పరిస్థితిలోనూ మీరలేదు. అంటే వేధింపుకు రెండు కావాలి: ఒక మనిషిలో ఆ మొగ్గు, ఇక్కడ ఇది చెల్లుతుందనే సూచన. ఈ రెండింటిలో దేనికీ ఎదుటి స్త్రీ బట్టలతో పని లేదు.

అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీలు 2018లో విశ్వవిద్యాలయాల మీద వెలువరించిన నివేదిక దశాబ్దాల అధ్యయనాలను కలిపి చూసి ఇదే దిశలో తేల్చింది. ఎక్కడ వేధింపు ఎక్కువ ఉంటుందో చెప్పగల అతి బలమైన ఆధారం ఆ సంస్థలోని వాతావరణం, అంటే వేధింపును సహిస్తారని, ఫిర్యాదు చేస్తే ఫలితం ఉండదని అక్కడివారికి కలిగే భావన. మన దేశంలో ఏటా జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇచ్చే లెక్కలు కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. దారిన పోయే అపరిచితుడు బట్టలు చూసి రెచ్చిపోయాడన్న కథ ఆ లెక్కలతో పొసగదు.

మా ట్రెక్కర్‌కు ఇది అక్షరాలా సరిపోయింది. పట్టికలో "చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు" అన్న చోట పిల్లలు రాసింది మళ్లీ మళ్లీ ఒకటే: డ్రైవరు అద్దంలో చూసి నవ్వాడు, ఎవరూ ఏమీ అనలేదు. వేరే డ్రైవరు నడిపిన ట్రిప్పుల్లో అదే హెల్పర్ దూరంగా నిలబడి డబ్బులు తీసుకున్నాడు. మనిషి అతడే, అమ్మాయిలు వాళ్లే, చున్నీలు అవే. మారింది ముందు సీట్లో కూర్చున్నవాడు.

పనిచేసినవి

దీంతో ఏం చేయాలో తేటపడింది. ముందుగా ప్రిన్సిపాల్‌ను మళ్లీ కలిసి, పట్టిక చూపించి, చివరి పీరియడ్‌ను బస్సు వేళకు ముందే ముగించగలరా అని అడిగాను. పరిధి గురించిన వాదన ఈసారి అడ్డురాలేదు, ఎందుకంటే టైమ్‌టేబుల్ పూర్తిగా కాలేజీ చేతిలోనిదే. భోజన విరామం కొంత తగ్గించి వారంలో ఎక్కువ రోజులకు అది సాధించారు. ప్రాక్టికల్స్ ఉన్న రోజులు మిగిలాయి.

ఆ రోజుల కోసం ట్రెక్కర్ యజమానుల యూనియన్‌తో కూర్చున్నాం. నైతికత గురించి మాట్లాడకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఆడపిల్లలు చదువు మానేస్తే సీట్లు పోతాయని, ఫిర్యాదు నమోదైతే పర్మిట్ మీదికి వస్తుందని మాత్రమే చెప్పాను. మధ్య వరస ఆడవాళ్లకే ఉంచడం, వాళ్ల డబ్బులు దిగేటప్పుడు డ్రైవరే తీసుకోవడం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే డ్రైవరు బండి ఆపి అడగడం అనే మూడింటికి ఒప్పుకున్నారు. మూడోదే అసలైనది. ప్రయాణికుల ముందు డ్రైవరు బండి ఆపి "ఏటి సంగతి?" అని ఒక్కసారి అడిగితే, ఇక్కడ ఇది చెల్లదని జీపంతా వింటుంది.

మలుపు దగ్గరి కుర్రాళ్ల విషయంలో అన్నయ్య కొట్లాటకు భిన్నమైన దారి ఎంచుకున్నాం. వాళ్లు గౌరవించే వాలీబాల్ జట్టు సీనియర్లను కలిశాం. ఢిల్లీలో కాలేజీ యువకుల మీద కర్మిణీ శర్మ చేసిన ప్రయోగం ఇందుకు దారి చూపింది. వేధింపు గురించి తరగతులు పెట్టాక ఆ యువకుల వల్ల అమ్మాయిలకు ఎదురైన వేధింపు తగ్గింది. వాళ్ల లోపలి అభిప్రాయాలు పెద్దగా మారినట్టు కనబడలేదు, తోటి మగవాళ్లు దీన్ని మెచ్చరన్న ఎరుక మాత్రం పెరిగింది. నేను సీనియర్లను ఉపన్యాసం ఇమ్మనలేదు. వీడియో తీస్తున్నవాణ్ని చూసినప్పుడు పదిమందిలో "ఫోను లోపల పెట్టు" అని చెప్పమన్నాను. పాన్ దుకాణం యజమానిని కూడా అదే అడిగాం. వాళ్ల మనసులు మారాయో లేదో నాకు తెలియదు. మలుపు దగ్గర వీడియోలు మాత్రం ఆగాయి.

ఫిర్యాదు

హెల్పర్ విషయాన్ని ఇలా వదిలిపెట్టడం నాకు సబబుగా అనిపించలేదు, లలితకూ అనిపించలేదు. అతడు ఆమె ఊరివాడే, బంధువుల ఇళ్ల పెళ్లిళ్లకు వచ్చేవాడు. కుటుంబం ఇన్నాళ్లూ "దారిన పోయే పోకిరి" అని ఊహించుకున్నది ఇతణ్ని కాదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం లలితదే కావాలని పట్టుబట్టాను. ఆమె ఆలోచించుకోవడానికి సమయం తీసుకుంది.

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఇష్టం లేని శారీరక స్పర్శతో కూడిన లైంగిక వేధింపు అందులో 75వ సెక్షన్ కిందికి, వెంటపడడం 78వ సెక్షన్ కిందికి వస్తాయి. ఇలాంటి ఫిర్యాదును బాధితురాలే ఇచ్చినప్పుడు మహిళా పోలీసు అధికారి నమోదు చేయాలి. ఇక్కడ మాకు భాష ఒక సమస్య. ఎఫ్ఐఆర్ ఒడియాలో రాస్తారు, లలిత ఒడియా మాట్లాడగలదు గానీ ఇలాంటి విషయాన్ని చెప్పేంత పట్టు లేదు. అందుకే తెలుగులో ఆమె స్వయంగా రాసుకున్న వాంగ్మూలాన్ని అనువదింపజేసి, సంతకం చేసే ముందు వాక్యం వాక్యం తిరిగి చదివించుకున్నాం. ఆ చదివించుకోవడంలోనే ఒక వాక్యం బయటపడింది: ఆ రోజు ఆమె ఏ బట్టలు వేసుకుందో వాంగ్మూలంలో లేకపోయినా ఎఫ్ఐఆర్‌లో చేరింది. అది తీసేయమని అడిగాం. 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు బెయిలు ఉత్తర్వుల్లో బాధితురాలి బట్టలు, ప్రవర్తన, గత నడవడి గురించిన ప్రస్తావన ఉండకూడదని చెప్పింది. 2022లో కోళికోడ్ సెషన్స్ కోర్టు ఒక కేసులో బాధితురాలి దుస్తుల గురించి రాసిన వ్యాఖ్యలను కేరళ హైకోర్టు తొలగించింది. ఈ రెండూ న్యాయస్థానాలకు సంబంధించినవే అయినా, డెస్క్‌లోని అధికారిణికి వాటిని వివరించాక ఆమె ఆ వాక్యాన్ని తీసేశారు. చిన్న వాక్యమే, కానీ విచారణలో ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

యూనియన్ ఆ హెల్పర్‌ను ఆ రూటు నుంచి తప్పించింది. కేసు నడుస్తోంది.

ఈ కేసు నుంచి నా పనిలోకి వచ్చినవి

లలిత తిరిగి కాలేజీకి వెళ్తోంది. పెదనాన్న ఇప్పటికీ బట్టల మీద తన అభిప్రాయాన్ని వదులుకోలేదు, కానీ సంత రోజున ప్రాక్టికల్స్ ఉంటే ఆయనే మలుపు దగ్గరికి వచ్చి నిలబడుతున్నాడు. ఆయన మనసు మార్చడం నా లక్ష్యాల్లో లేదు, ఆయన చేతికి వేరే పని ఒకటి ఇవ్వడం ఉంది. తల్లి విషయంలో మార్పు ఇంకా లోతైనది. టైమ్‌టేబుల్ మార్పించమని మిగతా తల్లులతో కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లినవారిలో ఆమె ముందు నిలబడింది.

ఏ అమ్మాయి వచ్చినా మొదటి సంభాషణలో "ఏం వేసుకున్నావు" అన్న ప్రశ్న నేను అడగను, మా కేంద్రంలో వేరెవరూ అడగకుండా నమోదు పత్రంలోంచే ఆ గడిని తీయించాను. పట్టికలో మాత్రం అదే ప్రశ్న పెట్టాను కదా అని ఒక సహోద్యోగిని అడిగింది. తేడా ఉంది. బాధితురాలిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే ఆ ప్రశ్న నేరాన్ని ఆమె మీదికి తిప్పుతుంది. అందరినీ, అన్ని రోజులూ, ఏమీ జరగని రోజులతో సహా అడిగితే అది ఒక వాదనను పరీక్షకు పెడుతుంది. నమోదు పత్రంలో ఆ గడి స్థానంలో ఇప్పుడు రెండు ప్రశ్నలున్నాయి: అప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారు, వాళ్లు ఏం చేశారు. నాకు జోక్యం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రెండు జవాబులే చెబుతున్నాయి.

ఒప్పందాలు మనుషుల మీద నిలుస్తాయి కనుక వాటికి కాపలా కావాలి. మధ్యలో కొంతకాలం కొత్త డ్రైవరు వచ్చినప్పుడు మధ్య వరసలో మగవాళ్లు కూర్చోవడం మళ్లీ మొదలైంది, పిల్లలు వెంటనే చెప్పారు కనుక యూనియన్ సరిచేసింది. ఆ పట్టికను పిల్లలే తేలికైన రూపంలో కొనసాగిస్తున్నారు, నెలకోసారి నేను చూస్తున్నాను. సంత రోజు చివరి ట్రిప్పు మాత్రం ఇంకా పరిష్కారం కాలేదు. ఆ రోజు ఒక బస్సు అదనంగా నడపమని రవాణా శాఖకు తల్లులు సంతకాలతో పెట్టుకున్న అర్జీకి జవాబు రావాల్సి ఉంది.